పదవీ విరమణ చేస్తున్న సారుకు పిల్లలు పాడే వీడ్కోలు పాటను రాయడం ఎలా

ఈ వ్యాసం పాఠశాలలో పదవీ విరమణ సభకు పాట సిద్ధం చేయవలసిన పని మీద పడిన తెలుగు ఉపాధ్యాయుల కోసమూ, పై తరగతుల విద్యార్థుల కోసమూ రాసినది. పాట రాయడాన్ని ఒక ఉదాహరణతో మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉందనీ, అక్కడ చాలా ఏళ్లు లెక్కలు చెప్పిన సారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారనీ అనుకుందాం. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఉన్న పిల్లల్లో ఇరవై మంది వేదిక మీద నిలబడి పాడతారు. పాట మూడు నిమిషాలకు మించకూడదు, ఎందుకంటే సన్మానాలూ ప్రసంగాలూ ఉన్న సభలో అంతకంటే పొడుగైన పాటను వినే ఓపిక ఎవరికీ మిగలదు.

మొదట తేదీ చూసుకోండి

తెలంగాణలో ప్రభుత్వ ఉపాధ్యాయుల పదవీ విరమణ వయసును 2021లో 58 నుంచి 61 ఏళ్లకు పెంచారు. ఆ వయసు నిండిన నెల చివరి రోజున ఉద్యోగం ముగుస్తుంది. ఒకటో తేదీన పుట్టినవారికి మాత్రం ముందు నెల చివరి రోజే ఆఖరు. కాబట్టి తేదీ ఎవరికీ హఠాత్తుగా తెలిసేది కాదు, మూడు వారాల ముందే పని మొదలుపెట్టవచ్చు. వివరాలు సేకరించడానికి ఒక వారం, రాసి దిద్దడానికి ఒక వారం, పిల్లలకు నేర్పడానికి ఒక వారం కేటాయిస్తే హడావిడి ఉండదు. సారు పదవీ విరమణ మే నెలలో పడితే అప్పుడు బడికి వేసవి సెలవులు ఉంటాయి కనుక, సభను సెలవులకు ముందే జరుపుతారా, జూన్‌లో బడి తెరిచాక జరుపుతారా అన్నది ప్రధానోపాధ్యాయులను అడిగి తెలుసుకోండి. ఇది పాటలోని మాటలను కూడా మారుస్తుంది, అది ఎలాగో మూడో చరణం దగ్గర చెబుతాను.

తరువాత వివరాలు సేకరించండి

పాటలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. "జ్ఞానజ్యోతిని వెలిగించిన గురువర్యా" అన్న పంక్తిని ఏ సారుకైనా, ఏ ఊళ్లోనైనా పాడవచ్చు, అందుకే అది మీ సారు పాట కాలేదు. జ్ఞానం, జ్యోతి, దీపం, శిల్పి, దైవం అన్న మాటలను ముందుగానే పక్కన పెట్టి, సారును రోజూ చూసినవారిని అడగండి. ప్రశ్నలు చిన్నవిగా, కంటికి కనిపించేవాటి గురించి ఉండాలి. సారు తరగతిలోకి రాగానే మొదట ఏం చేస్తారు? లెక్క తప్పు చేస్తే ఏమంటారు? బోర్డు మీద ఆయన చేసేది వేరే సార్లు చేయనిది ఏమిటి? ఆయన తరగతి గది బయట మీకు ఎప్పుడు కనిపించారు? ఇవే ప్రశ్నలను పదో తరగతి పిల్లలను, పదేళ్ల కింద చదివి వెళ్లినవారిని, అటెండరును, మధ్యాహ్న భోజనం వండే అమ్మలను అడిగితే ఒకే సంగతి రెండు మూడు నోళ్ల నుంచి వస్తుంది. అలా మళ్లీ మళ్లీ వచ్చిన సంగతినే పాటలోకి తీసుకోవాలి, అప్పుడు సభలో కూర్చున్న పాత విద్యార్థులు కూడా గుర్తుపడతారు.

మన ఉదాహరణలో మూడు సంగతులు దొరికాయనుకుందాం. ఒకటి, సారు వృత్తలేఖిని లేకుండా ఉత్త చేత్తో గుండ్రటి సున్నా గీస్తారు. రెండు, తప్పు లెక్క మీద ఎర్ర గీత కొట్టరు, "మళ్ళొకసారి చెయ్ రా బిడ్డా" అంటారు. మూడు, పత్తి ఏరే రోజుల్లో బడి మానేసిన పిల్లల కోసం చేను గట్టు దాకా వెళ్లి, తల్లిదండ్రులకు నచ్చజెప్పి పిల్లలను తిరిగి బడికి తెచ్చారు. మూడు చరణాల పాటకు ఈ మాత్రం సరుకు చాలు. ఇంతకంటే ఎక్కువ కూర్చితే పాట సన్మానపత్రం లాగా తయారవుతుంది.

పత్తి చేను సంగతిని వాడే ముందు ఆ విద్యార్థిని, ఇంటివారిని ఒక మాట అడగాలి. పేదరికం వల్ల బడి మానిన సంగతిని సభలో పాడించడం వారికి నామోషీ కావచ్చు. అందుకే పేరు పెట్టకుండా, "నేను" అనకుండా, "మేము" అని అందరి మాటగా రాయండి. అలాగే సారు ఇంటివారితో ముందుగా మాట్లాడి, ఆయన్ను నొప్పించే జ్ఞాపకం ఏదీ పాటలో లేదని తేల్చుకోండి.

నడకను ఎంచుకుని మాత్రలు లెక్కపెట్టండి

సినిమా పాట వరసలో కొత్త మాటలు కూర్చడం తేలికగా తోస్తుంది కానీ, వినేవారి చెవుల్లో పాత మాటలే మోగుతాయి, పిల్లలు కూడా మధ్యలో పాత మాటల్లోకి జారిపోతారు. దానికంటే చతురశ్ర గతిలో, అంటే నాలుగేసి మాత్రల నడకలో, సొంతంగా కట్టుకున్న సాదా వరస మేలు. బతుకమ్మ ఆడేటప్పుడు ఒకరు పంక్తి చెబితే మిగిలినవారు "ఉయ్యాలో" అని అందుకోవడం మన పిల్లలకు చిన్నప్పటి నుంచి అలవాటు. మన పాటలో అందుకునే మాట "సారూ" అవుతుంది.

పంక్తికి నాలుగు చప్పట్లు, చప్పట్టుకు నాలుగు మాత్రలు, మొత్తం పదహారు మాత్రలు పెట్టుకుందాం. హ్రస్వాక్షరానికి ఒక మాత్ర, దీర్ఘాక్షరానికి రెండు మాత్రలు. సున్న ఉన్న అక్షరానికీ, పొల్లు హల్లు తగిలిన అక్షరానికీ, ఒత్తక్షరానికి ముందున్న అక్షరానికీ రెండు మాత్రలే. "సారూ" అంటే రెండూ రెండూ నాలుగు. "బిడ్డా" కూడా నాలుగే, ఎందుకంటే "డ్డా"కు ముందున్న "బి" రెండు మాత్రలవుతుంది.

పల్లవిని ముందు రాయండి. సారును సాగనంపేటప్పుడు ఈ ప్రాంతంలో ఇంటి మనిషికి చెప్పే మాటనే పల్లవిగా తీసుకుందాం.

పైలం | సారూ | పైలం | సారూ
పిలిచిన | నాడే | రాండ్రీ | సారూ

ప్రతి గీత దగ్గరా నాలుగు మాత్రలు పూర్తవుతున్నాయి. రెండు పంక్తులూ "ప"తో మొదలయ్యాయి, రెండో అక్షరంగా రెండింటిలోనూ "ల" హల్లే పడింది, చివర "సారూ" కలిసింది. పిల్లలు ఒక్క పూటలో కంఠస్థం చేయడానికి ఇవి చాలు. ప్రతి పంక్తిలోనూ యతి ప్రాసల కోసం పట్టుబడితే మాట కృత్రిమమవుతుంది కనుక, వస్తే ఉంచుకోండి, రాకపోతే వదిలేయండి.

ఇప్పుడు మొదటి చరణం. సున్నా గీసే సంగతికి మొదట తోచే పంక్తి ఇలా ఉండవచ్చు.

సుద్దముక్కతో సున్నా గీస్తే

లెక్కపెడితే సరిగ్గా పదహారు మాత్రలు వస్తాయి, అయినా పాడబోతే కాలు తడబడుతుంది. "సు"కు రెండు, "ద్ద"కు ఒకటి పోగా మొదటి చప్పట్టులో ఒక్క మాత్రే మిగులుతుంది. తరువాత వచ్చిన "ము"కు రెండు మాత్రలు కావాలి. అంటే రెండో చప్పట్టు "ము" అన్న అక్షరం నడుమ పడుతోంది. సంగీతం నేర్చిన గొంతు దీన్ని సర్దుకుంటుంది గానీ, ఇరవై మంది పిల్లలు ఒకేసారి పాడితే కొందరు ముందుకూ కొందరు వెనకకూ పోతారు. కాబట్టి మొత్తం మాత్రలు సరిపోవడంతో ఆగకుండా, చప్పట్టు ఎప్పుడూ అక్షరం మొదట్లోనే పడుతోందా అని చూడాలి. మాట నడుమ పడినా ఫరవాలేదు, అక్షరం నడుమ పడకూడదు. దిద్దితే ఇలా వస్తుంది.

సుద్దతొ | గీసిన | సున్నా | సారూ

నడక కుదిరింది, మొదటి చప్పట్టు దగ్గరి "సు"కు మూడో చప్పట్టు దగ్గరి "సు" తోడైంది. కానీ దీన్ని గట్టిగా పాడి వినండి. "సున్నా సారూ" అని విడిగా చెవిన పడుతుంది, సారుకు సున్నా సారు అని పేరు పెట్టినట్టు అవుతుంది. సభలో ఒక్క పిల్లవాడు నవ్వితే చాలు, వరస మొత్తం నవ్వుతుంది. కాగితం మీద కనిపించని ఇలాంటి కలయికలు ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి పాడితేనే బయటపడతాయి. అందుకని తోడైన అక్షరాన్ని వదులుకుని ఇలా మార్చుకుందాం.

సుద్దతొ | మీరే | గీసిన | సున్నా
బోర్డుల | పొడిసిన | చందురు | డాయే
తప్పుల | మీదా | గీతలు | లేవూ
మళ్ళొక | సారీ | చెయ్ రా | బిడ్డా

నాలుగో పంక్తి సారు నోటి మాటే. ఆయన మాట పిల్లల గొంతులో వినిపించగానే సభ గుర్తుపడుతుంది, అందుకే దాన్ని చరణం చివర పెట్టాం. ఇక్కడ "తో"ను "తొ"గా కుదించాం, "సారి"ని "సారీ"గా, "లేవు"ను "లేవూ"గా సాగదీశాం. మాట చివరి అచ్చును ఇలా కుదించడానికీ సాగదీయడానికీ జానపద వరసలో వీలుంది. మాట నడుమ అచ్చును సాగదీస్తే మాత్రం ఇంకో మాట అయిపోతుంది.

రెండో చరణం పత్తి చేను దగ్గరిది.

పత్తీ | సేనుకు | పోయిన | నాడూ
గట్టున | నిలబడి | పిలిచిరి | సారూ
అమ్మకు | నాన్నకు | సెప్పిన | మాటా
బడిలో | మా పే | రాయెను | సారూ

ఇక్కడ యాస గురించి ఒక నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. పిల్లలు మాట్లాడేటప్పుడు "పిలిచిండ్రు" అంటారు, కానీ దానికి ఐదు మాత్రలు. "పిలిచిరి"కి నాలుగే, పైగా అది మన పాత పాటల్లో వినిపించే రూపమే కనుక పరాయిగా ఉండదు. "సేను", "పొడిసిన", "రాండ్రి" అన్నవాటిని పిల్లల నోట పలికినట్టే ఉంచాం. గ్రాంథికాన్నీ యాసనూ కలిపేటప్పుడు చూడవలసింది ఒక్కటే, ఒకే మాట ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉండకూడదు.

మర్యాద విషయంలోనూ అంతే. పాటల్లో "నువ్వు" అనడం ఉన్నదే గానీ, బడి పిల్లలు సారును "మీరు" అంటారు. "నువ్వు"కూ "మీరు"కూ మూడేసి మాత్రలే, "చెప్పావు"కూ "చెప్పారు"కూ ఐదేసి మాత్రలే. కాబట్టి నడక కోసం "నువ్వు" అన్నామని చెప్పుకునే అవసరమే రాదు. పల్లవిలో "రాండ్రి" అని, చరణంలో "వచ్చావు" అంటే వినేవారికి చివుక్కుమంటుంది.

పాటను వలపోత కానివ్వకండి

వీడ్కోలు పాట రాసేవారు ఎక్కువగా జారేది ఇక్కడ. "మమ్ము విడిచి వెళ్ళిపోయావా", "ఇక నీవు లేవని", "నీ జ్ఞాపకాలే మిగిలెను" అన్న పంక్తులు సంస్మరణ సభకు చెందినవి. సారు ఎదురుగా, ఆరోగ్యంగా, శాలువా కప్పుకుని కూర్చుని ఉంటారు. ఆయన భార్యాబిడ్డలు పక్కనే ఉంటారు. వారి ముందు ఆ మాటలు పాడించడం అపశకునం కింద లెక్క. మన సభల్లో అమరులకు చెప్పే "జోహార్" కూడా ఈ పాటలో వద్దు. చరణాలన్నీ గడిచిన కాలంలోనే ఉంటే పాట తనంతట తానే ఆ దారి పడుతుంది కనుక, చివరి చరణాన్ని తప్పకుండా రేపటి గురించి రాయండి. సారును పిలవండి, ఆయన చెప్పినది ఇకముందు కూడా నడుస్తుందని చెప్పండి.

రేపూ | గంటా | మోగును | సారూ
రెండో | పీరెడు | మొదలౌ | తుందీ
ఎవ్వరు | వచ్చీ | లెక్కలు | సెప్పిన
మొదటీ | లెక్కా | మీదే | సారూ

ఈ చరణంలో సారు వెళ్లిపోవడం ఉంది, కానీ ఆయన లేకుండా పోవడం లేదు. సభ సెలవులకు ముందు రోజు జరిగితే మాత్రం రేపు గంట మోగదు కనుక "రేపూ" అన్నది అబద్ధమవుతుంది. అప్పుడు "జూన్‌లో గంటా మోగును సారూ" అని మార్చండి. "జూన్‌లో"కూ నాలుగు మాత్రలే. మీ సారు తరగతి ఏ పీరెడులో ఉంటుందో చూసి "రెండో" అన్న మాటనూ సరిచేసుకోండి. "మూడో", "ఐదో" కూడా నాలుగేసి మాత్రలే కనుక సరిపోతాయి, "నాలుగో"కు ఐదు కనుక "నాల్గో" అనాలి.

నిడివి లెక్క చూసి, పిల్లలకు నేర్పండి

పల్లవిని మొదట రెండుసార్లు పాడితే నాలుగు పంక్తులు. చరణంలోని ప్రతి పంక్తినీ ఒకరు పాడి మిగిలినవారు తిప్పి పాడితే చరణానికి ఎనిమిది, మూడింటికి ఇరవై నాలుగు. ప్రతి చరణం తరువాత పల్లవి ఒకసారి, చివర ఇంకొకసారి కలిపితే ఎనిమిది. మొత్తం ముప్ఫై ఆరు పంక్తులు. పంక్తికి ఐదు సెకన్ల చొప్పున సరిగ్గా మూడు నిమిషాలు. చప్పట్టుకూ చప్పట్టుకూ నడుమ సెకను కంటే కొంచెం ఎక్కువ ఎడం ఉండే నిదానపు నడక ఇది. సాధనలో గడియారం పెట్టి చూడండి. చివరికి వచ్చేసరికి రెండున్నర నిమిషాల్లోనే అయిపోతుంటే పిల్లలు పరుగెత్తుతున్నారని అర్థం, అప్పుడు డప్పు కొట్టే పిల్లవాడిని ఎదురుగా నిలబెట్టి అతని చేతిని చూస్తూ పాడమనండి.

ముందు పాడే పని ఆరో, ఏడో తరగతి పిల్లల్లో ఉచ్చారణ స్పష్టంగా ఉన్నవారికి ఇవ్వండి. తొమ్మిది, పది తరగతుల మగపిల్లలకు గొంతు మారే వయసు కనుక, చిన్నపిల్లల శ్రుతి వారికి అందదు. అందుకోవాలని గట్టిగా అరిస్తే పాట చెడుతుంది. వారు పల్లవి మాత్రం కింది స్థాయిలో పాడితే బరువు వస్తుంది. అసలు శ్రుతిని పల్లవిలో కాక, చరణంలో అన్నింటికంటే పైకి వెళ్లే చోట చూసుకుని నిర్ణయించండి.

మాటలను ముందు వరస లేకుండా చప్పట్లతో చెప్పించండి, రెండు రోజుల తరువాతే వరస ఎత్తుకోండి. నాలుగో రోజున పాట తెలియని ఒక విద్యార్థిని గది చివర కూర్చోబెట్టి, విన్నది విన్నట్టు కాగితం మీద రాయమనండి. "మా పేరాయెను" అన్నది "మా పేరయ్యను" అనో, "చందురుడాయే" అన్నది ఇంకేదోగానో రాస్తే ఆ అక్షరాలను పిల్లలు మింగుతున్నారన్నమాట. అక్కడ పలుకును దిద్దండి. దిద్దినా స్పష్టం కాకపోతే మాటనే మార్చేయండి, సభ రోజు దాకా మొండిగా పట్టుకోకండి. మైకు ఒకటే ఉంటే ముందు పాడేవారి దగ్గర పెట్టండి, మిగిలినవారి గొంతు దానంతట అదే వినిపిస్తుంది.

పదవీ విరమణ చేసేది మేడం అయితే పాట మొత్తం తిరగరాయనక్కరలేదు. "మేడం" అన్న మాటకూ నాలుగు మాత్రలే కనుక "సారూ" ఉన్న ప్రతి చోటా అది ఇమిడిపోతుంది. కానీ "సారూ" లాగా దీన్ని చివర సాగదీయడానికి వీలుండదు, "డం" దగ్గర పెదవులు మూసుకుపోతాయి. అందువల్ల సాగదీయవలసినది "మే" అనీ, "డం"ను పొట్టిగా పలికి అక్కడే ఊపిరి తీసుకోవాలనీ పిల్లలకు మొదటి రోజే చెప్పండి.